A280 తో ప్రోటీన్ గాఢత: లెక్కకట్టిన ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియంట్‌ని ఎక్కడిదాకా నమ్మొచ్చు?

ప్రశ్న: ఈ.కోలైలో తయారుచేసిన ప్రోటీన్‌ని నికెల్ కాలమ్ మీద శుద్ధి చేసి, టీఈవీ ప్రోటియేజ్‌తో హిస్-ట్యాగ్ కోయించి, మళ్ళీ నికెల్ మీదుగా పంపాను. బఫర్: 20 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 8), 150 మిల్లీమోలార్ ఉప్పు, 1 మిల్లీమోలార్ డీటీటీ. నానోడ్రాప్‌లో `1 Abs = 1 mg/ml` పెట్టి చూస్తే 1.46, 260/280 నిష్పత్తి 0.78. ఒక సెంటీమీటర్ క్యువెట్‌లోనూ 280 దగ్గర 1.46 వచ్చింది, 320 దగ్గర 0.04. ప్రోట్‌పారామ్‌లో క్లోన్ చేసిన మొత్తం సీక్వెన్స్ పెడితే రెండు కోఎఫిషియంట్లు ఇచ్చింది, 21555, 21430 (ట్రిప్టోఫాన్ 2, టైరోసిన్ 7, సిస్టీన్ 2, అణుభారం 24,400). బీఎస్‌ఏ స్టాండర్డ్‌తో బ్రాడ్‌ఫర్డ్ చేస్తే 1.05 మి.గ్రా./మి.లీ. ఐటీసీ చేయాలి కాబట్టి మోలార్ గాఢత కావాలి. వీటిలో ఏ అంకె నమ్మమంటారు?

సమాధానం:

ఉన్నవాటిలో ఏదీ నేరుగా పనికిరాదండి. కానీ మీరిచ్చిన వివరాల నుంచే అసలు అంకెకి చాలా దగ్గరగా వెళ్ళొచ్చు. ముందు సీక్వెన్స్ సంగతి చూద్దాం, ఎందుకంటే అన్నిటికన్నా తేలిగ్గా దొరికే తప్పు అక్కడే ఉంది.

ప్రోట్‌పారామ్ వాడే సూత్రం ఇది:

```
ε280 = 5500 × (Trp) + 1490 × (Tyr) + 125 × (cystine)
c (M) = A280 / (ε280 × l)
c (mg/ml) = c (M) × MW
```

ఈ మూడు గుణకాలు 1995లో పేస్, ఆయన సహచరులు 80 ప్రోటీన్లకు కొలిచిన విలువల మీద సరిపోల్చి తేల్చినవి. మీ 21430ని విడదీస్తే 2 × 5500, 7 × 1490 వస్తాయి. కానీ మీరు పెట్టింది ట్యాగ్‌తో సహా మొత్తం సీక్వెన్స్. టీఈవీ గుర్తుపట్టే `ENLYFQG` లో ఒక టైరోసిన్ ఉంది. కోత `Q` కీ `G` కీ మధ్య పడుతుంది కాబట్టి ఆ టైరోసిన్ ట్యాగ్‌తో పాటే వెళ్ళిపోతుంది. ఇప్పుడు మీ ట్యూబులో ఉన్న ప్రోటీన్ `G` తో మొదలవుతుంది, దానిలో టైరోసిన్లు ఆరే. మీ ట్యాగ్ మామూలుగా వాడే `MGSSHHHHHHSSGENLYFQ` లాంటిదే అనుకుంటే పోయిన ముక్క బరువు దాదాపు 2,210 డాల్టన్లు. కాబట్టి కోసిన ప్రోటీన్ అణుభారం 22,190, కోఎఫిషియంట్ 11000 + 8940 = 19940. మీ ప్లాస్మిడ్ మ్యాప్ చూసి సరిచూసుకోండి, లింకర్‌లో ఇంకేమైనా అదనపు అమైనో ఆమ్లాలు ఉండొచ్చు.

ఈ తప్పు ఎంత ఖరీదు అన్నది మీకు ఏ యూనిట్ కావాలన్నదాని మీద ఉంటుంది. మి.గ్రా./మి.లీ.లో చూస్తే పెద్ద తేడా లేదు. ట్యాగ్‌తో ఒక మి.గ్రా./మి.లీ.కి అబ్జార్బెన్స్ 0.878 (21430 ని 24,400 తో భాగిస్తే), ట్యాగ్ లేకుండా 0.899. రెండు శాతం చిల్లర. టైరోసిన్ తగ్గింది, బరువూ తగ్గింది, ఒకదాన్నొకటి సర్దుకున్నాయి. మోలార్‌లో ఆ సర్దుబాటు ఉండదు, 21430కీ 19940కీ ఏడున్నర శాతం తేడా. మీకు కావలసింది మోలారే. ఇదే ట్యాగ్‌లో టీఈవీ బదులు `LVPRGS` అనే థ్రాంబిన్ సైట్ ఉంటే కథ తిరగబడేది. అందులో టైరోసిన్ గానీ ట్రిప్టోఫాన్ గానీ లేవు కాబట్టి కోసినా కోఎఫిషియంట్ మారదు, మోలార్ లెక్క సరిగ్గానే ఉంటుంది, మి.గ్రా. లెక్క చెడుతుంది. అందుకే ప్రోట్‌పారామ్‌లో పెట్టాల్సింది మీరు క్లోన్ చేసిన సీక్వెన్స్ కాదు, ఇప్పుడు ట్యూబులో ఉన్న సీక్వెన్స్.

ప్రోట్‌పారామ్ రెండు విలువలు ఎందుకిస్తుందన్న విషయానికి ఎక్కువ సమయం ఇవ్వనవసరం లేదు. మొదటిది సిస్టీన్లన్నీ జతలుగా డైసల్ఫైడ్ బంధాలు కట్టుకున్నాయనుకుని వేసినది, రెండోది అన్నీ విడిగా ఉన్నాయనుకుని వేసినది. విడి సిస్టీన్ 280 దగ్గర దాదాపు ఏమీ శోషించదు, డైసల్ఫైడ్ ఒక్కోదానికి 125. మీ ప్రోటీన్‌లో ఉంటే ఒకటే డైసల్ఫైడ్, అది మొత్తంలో 0.6 శాతం. పైగా ఈ.కోలై సైటోప్లాజమ్‌లో తయారై డీటీటీలో ఉన్న ప్రోటీన్ కాబట్టి రెండోదే వాడండి. ట్రిప్టోఫాన్ లేకుండా డైసల్ఫైడ్లు ఎక్కువున్న చిన్న ప్రోటీన్ల దగ్గర మాత్రం ఇది పట్టించుకోవాలి. ఇన్సులిన్‌లో నాలుగు టైరోసిన్లు, మూడు డైసల్ఫైడ్లు, ట్రిప్టోఫాన్ సున్నా. అక్కడ 6335లో 375 డైసల్ఫైడ్లదే, అంటే ఆరు శాతం.

ఇక అబ్జార్బెన్స్ వైపు వద్దాం. అసలు గొడవంతా ఇక్కడే. కోఎఫిషియంట్ ఎంత సరిగ్గా ఉన్నా, 1.46లో మీ ప్రోటీన్ వాటా ఎంతో తెలియకుండా భాగిస్తే లాభం లేదు. ఆ అంకెలోకి ప్రోటీన్ కానివి మూడు దారుల్లో దూరతాయి: బఫర్, స్కాటరింగ్, న్యూక్లియిక్ ఆమ్లం.

బఫర్‌లో అనుమానించాల్సింది డీటీటీని. తాజా డీటీటీ 280 దగ్గర పెద్దగా ఏమీ చేయదు. గాలికి ఆక్సిడైజ్ అయ్యాక అది ఉంగరం ఆకారపు డైసల్ఫైడ్‌గా మారుతుంది, దానికి 280 దగ్గర కోఎఫిషియంట్ 273. చూడ్డానికి చిన్న అంకే, కానీ మీ డీటీటీ మిల్లీమోలార్‌లో ఉంటే ప్రోటీన్ మైక్రోమోలార్‌లో ఉంది. ఒక మిల్లీమోలార్ పూర్తిగా ఆక్సిడైజ్ అయితే 0.273, సగం అయితే 0.14 దాకా అబ్జార్బెన్స్ దానిదే. పీహెచ్ 8లో డీటీటీ ఆక్సిడైజ్ అవడానికి వారాలు పట్టదు, కొన్ని రోజుల్లోనే చాలా భాగం పోతుంది. మిగిలిపోయిన నికెల్ అయాన్లు ఉంటే ఇంకా వేగం. కాబట్టి "బఫర్‌తోనే బ్లాంక్ చేశాను" అంటే చాలదు, ఏ బఫర్‌తో అన్నది ముఖ్యం. అప్పుడే కలిపిన తాజా బఫర్‌తో బ్లాంక్ చేసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉన్న ప్రోటీన్‌ని కొలిస్తే, ఆ మూడు రోజుల్లో ఆక్సిడైజ్ అయిన డీటీటీ అంతా ప్రోటీన్ లెక్కలోకి వచ్చేస్తుంది.

దీనికి మంచి బ్లాంక్ మీ దగ్గరే ఉంటుంది. ప్రోటీన్‌ని సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్‌లో గాఢం చేసేటప్పుడు కిందికి దిగిన ద్రవాన్ని పారబోయకండి. అది అదే బఫర్, అదే వయసు, ప్రోటీన్ ఒక్కటే లేదు. కొత్త ఫిల్టర్ పొరల్లో గ్లిసరాల్ ఉంటుంది కాబట్టి ముందు ఒకసారి నీళ్ళతో గానీ బఫర్‌తో గానీ కడిగి, మొదటి దఫా దిగినది వదిలేసి, తర్వాతది వాడండి. డయాలిసిస్ చేస్తే బయటి బీకర్‌లోని బఫర్‌నే తీసుకోండి. మీ డీటీటీ పరిస్థితి తెలుసుకోవాలంటే, ఈ దిగిన ద్రవాన్ని తాజా బఫర్‌తో బ్లాంక్ చేసి 280 దగ్గర చూడండి. 0.02 దాటితే అది డీటీటీ పని. మీ లెక్కలోంచి అంత తీసేయాలి.

రెండోసారి నికెల్ కాలమ్‌లో ఇమిడజోల్ వాడి ఉంటే అదీ ఇక్కడే తేలుతుంది. ఇమిడజోల్‌కి 280 దగ్గర స్వతహాగా శోషణ చాలా తక్కువ, కానీ తక్కువ శుద్ధత గ్రేడ్‌లో ఉండే మలినాలు శోషిస్తాయి. 250 మిల్లీమోలార్ ఎల్యూషన్ బఫర్‌ని నీళ్ళతో బ్లాంక్ చేస్తే 0.2, 0.3 రావడం మామూలే. ఐటీసీకి వెళ్తున్నారు కాబట్టి ఎలాగూ డీటీటీని వదిలి టీసీఈపీకి మారండి. అది 280 దగ్గర అడ్డం రాదు, ఐటీసీలో డీటీటీ ఆక్సిడేషన్ వల్ల బేస్‌లైన్ ఊగే బాధా తగ్గుతుంది. ట్రిస్‌లో టీసీఈపీకి ఇబ్బంది లేదు, ఫాస్ఫేట్ బఫర్‌లో మాత్రం త్వరగా పాడవుతుంది.

ఇప్పుడు 320 దగ్గరి 0.04. మీ ప్రోటీన్‌లో హీమ్, ఫ్లేవిన్, పీఎల్‌పీ లాంటి రంగు పదార్థమేదీ లేకపోతే 320 దగ్గర శోషించడానికి ఏమీ ఉండకూడదు. అక్కడ కనిపించేది శోషణ కాదు, గుంపులు కట్టిన ప్రోటీన్ కాంతిని చెదరగొట్టడం. డిటెక్టర్‌కి ఈ రెంటికీ తేడా తెలీదు, తన దాకా రాని కాంతి అంతా శోషణగానే లెక్కేస్తుంది. చిన్న కణాల విషయంలో ఈ స్కాటరింగ్ తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. అంటే 320 దగ్గర ఉన్నదానికి 280 దగ్గర (320/280)⁴, అంటే 1.706 రెట్లు ఉంటుంది. 0.04 కాస్తా 0.068 అవుతుంది. 260 దగ్గర 2.29 రెట్లు, అంటే 0.092. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు 320 విలువని అలాగే నేరుగా తీసేయడం, అప్పుడు దాదాపు 0.03 మిగిలిపోతుంది. నానోడ్రాప్ లాంటి వాటిలో 340 దగ్గర బేస్‌లైన్ కరెక్షన్ పెట్టినా జరిగేది ఇదే: 340 విలువని అన్నిచోట్లా సమానంగా తీసేస్తుంది. ఆ కరెక్షన్ ఆన్‌లో ఉంటే 320 దగ్గర కనిపించే అంకెకి అర్థమే లేదు. పైగా నానోడ్రాప్ ఒక మిల్లీమీటర్ లేదా అంతకన్నా తక్కువ మందంలో కొలిచి పది మిల్లీమీటర్లకు హెచ్చించి చూపిస్తుంది, కాబట్టి 0.04 అంటే అక్కడ శబ్దంలో కలిసిపోయే అంకె. మీరు క్వార్ట్జ్ క్యువెట్‌లో కూడా చూడడం మంచిదైంది, నేను ఆ అంకెనే తీసుకుంటున్నాను.

అయితే ఈ గుణకంతో సరిదిద్దడం రెండో ఉత్తమ మార్గం. మొదటిది ప్రోటీన్‌ని 15,000 జీ దగ్గర 10 నిమిషాలు చల్లగా తిప్పి, పైద్రవాన్ని మళ్ళీ కొలవడం. 320 సున్నాకి దిగితే సరిదిద్దే పనే లేదు. ఐటీసీ సెల్‌లోకి పోయేది కూడా ఆ పైద్రవమే కాబట్టి దాని గాఢతే మీకు కావాలి. తిప్పాక కూడా 0.02 పైన ఉంటే కరిగిన గుంపులు ఉన్నట్టు, అప్పుడు జెల్ ఫిల్ట్రేషన్ చేయడం మంచిది. ఎందుకంటే పెద్ద గుంపులకు నాలుగో ఘాతం వర్తించదు, ఘాతం తగ్గుతుంది, 1.706 ఎక్కువ అయిపోతుంది.

ఇప్పుడు 0.78 నిష్పత్తి. మీ అంకెల్లో అసలు దొంగ ఇదే. ట్రిప్టోఫాన్ ఉన్న శుద్ధ ప్రోటీన్‌కి 260/280 దాదాపు 0.57 ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏకి 2.0, డీఎన్‌ఏకి 1.8. ఈ.కోలై నుంచి తీసిన ప్రోటీన్‌కి అంటుకుని వచ్చేది ఎక్కువగా ఆర్‌ఎన్‌ఏయే కాబట్టి 2.0 తీసుకుందాం. ముందు స్కాటరింగ్ తీసేయాలి:

```
A280 = 1.46 − 0.068 = 1.392
A260 = (1.46 × 0.78) − 0.092 = 1.047
A260/A280 = 0.752

న్యూక్లియిక్ ఆమ్లం వాటా = (0.752 − 0.57) / (2.0 − 0.57) = 0.127
న్యూక్లియిక్ ఆమ్లం A280 = 1.392 × 0.127 = 0.177
ప్రోటీన్ A280 = 1.392 − 0.177 = 1.215

c = 1.215 / 19940 = 60.9 µM
  = 60.9 µM × 22190 = 1.35 mg/ml
```

ఈ 0.177 వెనక ఎంత ఆర్‌ఎన్‌ఏ ఉందో చూడండి. 260 దగ్గర దాని వాటా రెండింతలు, అంటే 0.354. అబ్జార్బెన్స్ 1కి ఆర్‌ఎన్‌ఏ 40 మైక్రోగ్రాములు/మి.లీ. లెక్కన అది 14 మైక్రోగ్రాములు/మి.లీ. ప్రోటీన్ 1350 మైక్రోగ్రాములు. బరువులో ఒక్క శాతం మలినం గాఢతని పదిహేను శాతం పెంచి చూపిస్తోంది. జెల్ మీద కూమాసీ రంగుతో ఇది కనపడదు కూడా. "జెల్ మీద ఒక్కటే బ్యాండ్ ఉంది, ప్రోటీన్ శుద్ధంగా ఉంది" అనుకునే చోట ఈ లెక్క తప్పుతుంది.

నిష్పత్తి ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి, 240 నుంచి 350 దాకా మొత్తం స్పెక్ట్రమ్ గీయించండి. శుద్ధ ప్రోటీన్‌కి 278–280 దగ్గర శిఖరం, 290 దగ్గర ట్రిప్టోఫాన్ భుజం, 250 దగ్గర స్పష్టమైన లోయ ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ ఉంటే ఆ లోయ పూడిపోతుంది, శిఖరం ఎడమకి జరుగుతుంది. ఇంకో సంగతి: మీ ప్రోటీన్ జీటీపీయేజ్ గానీ కైనేజ్ గానీ అయితే, ఆ 260 సంకేతం మలినం కాకపోవచ్చు. అది పట్టి ఉంచుకున్న న్యూక్లియోటైడ్ కావొచ్చు. అప్పుడు కడిగినా పోదు, ఉడికించి ప్రోటీన్‌ని అవక్షేపం చేసి పైద్రవంలో హెచ్‌పీఎల్‌సీతో చూడాలి.

ఈ సవరణలో మెత్తని భాగం 0.57. ఫీనైలలనీన్ 257 దగ్గర శోషిస్తుంది కాబట్టి అది ఎక్కువుండి ట్రిప్టోఫాన్ తక్కువున్న ప్రోటీన్‌కి నిష్పత్తి 0.6 దాటవచ్చు. మీ ప్రోటీన్‌ది 0.62 అనుకుని పై లెక్కే వేస్తే 63 మైక్రోమోలార్ వస్తుంది. కాబట్టి నిజాయితీగా చెప్పాలంటే మీ గాఢత 61, అటూ ఇటూ మూడు నాలుగు. ఐటీసీకి ఇది చాలదు. ఆర్‌ఎన్‌ఏని లెక్కలో తీసేయడం కన్నా ట్యూబులోంచి తీసేయడమే దారి. వచ్చేసారి లైసిస్‌లో బెంజోనేజ్, దానికి కావలసిన 2 మిల్లీమోలార్ మెగ్నీషియం వేయండి. నికెల్ కాలమ్ మీద ప్రోటీన్ ఉండగానే 1 మోలార్ ఉప్పున్న బఫర్‌తో పది కాలమ్ వాల్యూమ్‌లు కడగండి. ఇప్పుడు చేతిలో ఉన్న దానికి హెపారిన్ గానీ అయాన్ ఎక్స్ఛేంజ్ గానీ చేయండి. నిష్పత్తి 0.60 లోపు వచ్చేదాకా కోఎఫిషియంట్ మూడో అంకె గురించి ఆలోచించడం దండగ.

మీరిచ్చిన అంకెల్ని ఇప్పుడు పక్కపక్కన పెడదాం. 1.46ని 21430తో భాగిస్తే 68.1 మైక్రోమోలార్. ఈ ప్రోటీన్ సెల్‌లో ఉండి బంధం ఒకటికొకటి అయితే, ఐటీసీలో n విలువ 0.89 దగ్గర వస్తుంది. పది శాతం ప్రోటీన్ చచ్చిపోయిందేమో అనుకుంటారు, తప్పు గాఢతది. బ్రాడ్‌ఫర్డ్ అంకెతో 47.3 మైక్రోమోలార్, n 1.29. ఇక `1 Abs = 1 mg/ml` తో వచ్చిన 1.46ని ట్యాగ్ ఉన్న అణుభారంతో భాగిస్తే 59.8 వస్తుంది. నిజానికి దగ్గరగా ఉంది కదా అని దాన్ని వాడుకునేరు. ఇక్కడ మూడు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, వచ్చే బ్యాచ్‌లో కొట్టేసుకుంటాయన్న హామీ లేదు.

బ్రాడ్‌ఫర్డ్ ఎందుకు తక్కువ చూపిందంటే, కూమాసీ ప్రధానంగా ఆర్జినీన్‌కి, కొంతవరకు ఇతర క్షార అమైనో ఆమ్లాలకు, వలయ అమైనో ఆమ్లాలకు అంటుకుంటుంది. బీఎస్‌ఏ ఈ రంగుకి అసాధారణంగా గట్టిగా స్పందిస్తుంది. దాన్ని స్టాండర్డ్‌గా పెడితే సగటు ప్రోటీన్ తక్కువగా కనిపించడం సహజం. అందుకే శుద్ధమైన, సీక్వెన్స్ తెలిసిన ప్రోటీన్‌కి బ్రాడ్‌ఫర్డ్ కన్నా A280 మేలు. శుద్ధి చేయని లైసేట్‌కి అయితే తిరగేసి చెప్తాను.

ఇక కోఎఫిషియంట్ అంకె మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చు? కోడిగుడ్డు లైసోజైమ్ తీసుకోండి: ట్రిప్టోఫాన్ 6, టైరోసిన్ 3, డైసల్ఫైడ్లు 4. సూత్రం 37970 ఇస్తుంది, అణుభారం 14,305తో భాగిస్తే 2.65. ప్రయోగంలో కొలిచి అందరూ వాడే విలువ 2.64. ఇంత బాగా అన్నిసార్లూ కుదరదు. ట్రిప్టోఫాన్ ఉన్న ప్రోటీన్లకు సాధారణంగా తేడా కొద్ది శాతంలోనే ఉంటుంది. ట్రిప్టోఫాన్ లేనివాటికి తప్పు పది శాతం దాటొచ్చని ప్రోట్‌పారామ్ తనే హెచ్చరిక వేస్తుంది. కారణం తేలికే: ట్రిప్టోఫాన్, టైరోసిన్ శోషణ అవి ప్రోటీన్ మడతలో దేని పక్కన కూర్చున్నాయన్న దాన్ని బట్టి కొద్దిగా మారుతుంది. సూత్రంలోని 5500, 1490 సగటులు. చాలా ఉంటే తేడాలు సర్దుకుంటాయి, ఒకటి రెండే ఉంటే సర్దుకునేందుకు ఇంకొకటి లేదు.

మీకు రెండు ట్రిప్టోఫాన్లున్నాయి, అంకె బహుశా బాగానే ఉంటుంది. కానీ ఐటీసీ n విలువ గురించి వాదించేటట్లుంటే ఒక పూట వెచ్చించి సరిచూసుకోండి. 6 మోలార్ గ్వానిడీన్ హైడ్రోక్లోరైడ్‌లో ప్రోటీన్ మడత విప్పుకుంటుంది, ట్రిప్టోఫాన్లన్నీ ఒకే వాతావరణంలో ఉంటాయి. అక్కడ గుణకాలు సగటులు కావు, నమూనా పదార్థాల మీద నేరుగా కొలిచినవి: ట్రిప్టోఫాన్ 5690, టైరోసిన్ 1280, డైసల్ఫైడ్ 120. మీ ప్రోటీన్‌కి 2 × 5690 + 6 × 1280 = 19060.

శుభ్రం చేసిన, తిప్పిన ప్రోటీన్ 250 మైక్రోలీటర్లు తీసుకుని 750 మైక్రోలీటర్ల 8 మోలార్ గ్వానిడీన్‌లో కలపండి, తుదిగా 6 మోలార్ అవుతుంది. గ్వానిడీన్‌ని 20 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 6.5లో చేసుకోండి. మీ డబ్బాలో ఉన్న పీహెచ్ 8 ట్రిస్ కాస్త పైకి లాగినా ఫర్వాలేదు. టైరోసిన్ అయనీకరణం చెందే పీహెచ్ 10 దగ్గరికి మాత్రం వెళ్ళకూడదు, అక్కడ దాని శోషణ మారిపోతుంది. ఇంకో 250 మైక్రోలీటర్లు 750 మైక్రోలీటర్ల మీ బఫర్‌లో కలపండి. రెంటికీ విడివిడిగా బ్లాంక్ చేయండి: ప్రోటీన్ బదులు ఫిల్టర్ నుంచి దిగిన ద్రవం 250 మైక్రోలీటర్లు వేసి, మిగతాదంతా అలాగే. పది నిమిషాలు ఉంచి, ఒకే క్యువెట్‌లో, ఒకే దిశలో పెట్టి కొలవండి. డైసల్ఫైడ్లు లేవని మీరు లెక్కేస్తున్నారు కాబట్టి గ్వానిడీన్‌లోనూ టీసీఈపీ ఉండాలి.

ఒకటి 0.312, గ్వానిడీన్‌లోది 0.296 వచ్చిందనుకోండి. రెంటిలోనూ ప్రోటీన్ మొత్తం సమానం కాబట్టి మీ బఫర్‌లో కోఎఫిషియంట్ = 19060 × 0.312 / 0.296 = 20090. సూత్రం ఇచ్చిన 19940కి ఒక శాతం లోపే తేడా. అప్పుడు వచ్చిన అంకెనే ఇకపై ప్రతి బ్యాచ్‌కీ వాడుకోవచ్చు. ఈ ప్రయోగం చెడేది ఎక్కువగా పిపెట్ దగ్గర. 8 మోలార్ గ్వానిడీన్ చిక్కగా ఉంటుంది, మామూలు వేగంతో పీల్చి వదిలితే పిపెట్ టిప్‌లో మిగిలిపోతుంది, కింద పడాల్సినంత పడదు. నెమ్మదిగా పీల్చి, నెమ్మదిగా వదిలి, కనీసం మూడుసార్లు విడిగా చేసి చూడండి. మూడూ ఒక శాతంలో కలవకపోతే సగటు తీయకండి, పిపెట్ సరిచూసుకోండి. కలిపాక తలకిందులు చేసి బాగా కదపకపోతే సాంద్రత తేడా వల్ల కింద ఒకటి, పైన ఒకటి పొరలుగా నిలబడి, అలలు అలలుగా రీడింగ్ తిరుగుతుంది. ఇంకో మాట, ఆర్‌ఎన్‌ఏ ఉన్న ప్రోటీన్‌తో ఈ పని చేయకండి. దాని వాటా రెండు రీడింగుల్లోనూ ఉండి నిష్పత్తిని ఒకటి వైపు లాగేస్తుంది, ఫలితం బాగున్నట్టే కనిపిస్తుంది.

ఎవరైనా ఈ సమాధానం చదివి యుబిక్విటిన్ లాంటి ప్రోటీన్‌కి వాడబోతే ఒక్క హెచ్చరిక. అందులో ఒకే ఒక టైరోసిన్, ట్రిప్టోఫాన్ లేదు, కోఎఫిషియంట్ 1490, ఒక మి.గ్రా./మి.లీ.కి 0.17. పైన మీ ట్యూబులో ఉన్న 14 మైక్రోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ ఇక్కడ ఉంటే, ఒక మి.గ్రా./మి.లీ. ప్రోటీన్ రెండు మి.గ్రా.లుగా కనిపిస్తుంది. అలాంటి వాటిని 280 దగ్గర కొలవడం మానేసి, పెప్టైడ్ బంధాలు శోషించే 205 దగ్గర కొలవండి, లేదా అమైనో ఆమ్ల విశ్లేషణకి పంపండి. 205 దగ్గర కొలిస్తే ట్రిస్‌నీ క్లోరైడ్‌నీ వదిలి పలుచని ఫాస్ఫేట్‌లోకి మార్చుకోవాలి, లేదంటే బఫరే స్పెక్ట్రోఫోటోమీటర్‌ని గుడ్డిదాన్ని చేస్తుంది.

మీ విషయానికొస్తే, శుభ్రం చేశాక నిష్పత్తి 0.60 లోపు, 320 దగ్గర 0.01 లోపు వచ్చిన ప్రోటీన్‌ని, దిగిన ద్రవంతో బ్లాంక్ చేసి, 19940తో భాగించండి. ఐటీసీలో వాడే గాఢత మోనోమర్‌ది అని గుర్తుంచుకోండి. ప్రోటీన్ డైమర్ అయితే ఈ లెక్క డైమర్ సంఖ్యని చెప్పదు, గొలుసుల సంఖ్యని చెప్తుంది, n కూడా గొలుసుకి ఇన్ని అనే వస్తుంది.